ల్యాబ్ రిజిస్టర్ నుంచి రెజ్యూమెలోకి: ఇంటర్న్‌షిప్ పనిని అంకెతో సహా రాయడం ఎలా

"నీటి నమూనాలు పరీక్షించాను. రిజిస్టర్ నిర్వహించాను. రిపోర్టులు తయారుచేశాను."

భీమవరం చుట్టుపక్కల ఆక్వా ల్యాబ్‌లలో ఇంటర్న్‌షిప్ చేసి వచ్చిన డిగ్రీ పిల్లల రెజ్యూమెల్లో ఎక్కువగా కనిపించేవి ఈ మూడు ముక్కలే. ఇంగ్లీషులో ఉంటాయి, ముందు 'రెస్పాన్సిబుల్ ఫర్' అని తగిలించి ఉంటుంది, అంతే తేడా. ఫీడ్ కంపెనీ టెక్నీషియన్ ఉద్యోగానికో, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో క్వాలిటీ విభాగానికో అప్లికేషన్లు వస్తే, వాటిలో పదిమందివి పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరు రోజూ బ్యూరెట్ పట్టుకున్నారో, ఎవరు సర్టిఫికెట్ కోసం వారానికోసారి వెళ్లి వచ్చారో చెప్పడం కష్టం. కష్టపడి పనిచేసిన పిల్లలకు ఇది అన్యాయం. అందుకే ఈ వ్యాసం.

మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ చదువులో భాగం. లాగ్‌బుక్ రాయాలి, సంతకాలు పెట్టించాలి, చివర్లో రిపోర్ట్ ఇవ్వాలి. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. లాగ్‌బుక్ అడిగేది "ఈ రోజు ఏం చేశావు?" అని. రెజ్యూమె చదివేవాడు అడిగేది "నువ్వు చేసినందువల్ల ఏమైంది?" అని. మొదటి ప్రశ్నకు రాసిన జవాబును రెండో ప్రశ్నకు అతికిస్తే అతకదు. లాగ్‌బుక్ నుంచి వాక్యాలు ఎత్తి రెజ్యూమెలో పెట్టినవాళ్లందరికీ జరిగేది ఇదే.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం. బీఎస్సీలో ఆక్వాకల్చర్, కెమిస్ట్రీ చదువుతున్న ఒక అమ్మాయి మే, జూన్ నెలల్లో భీమవరంలోని ఒక చిన్న వాటర్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేసింది అనుకుందాం. అమ్మాయి, ల్యాబ్, అంకెలు అన్నీ ఉదాహరణ కోసం పెట్టుకున్నవే. పని తీరు మాత్రం ఈ ప్రాంతంలో ఎవరిని అడిగినా చెప్పేదే. పొద్దున్నే కాళ్ల, ఉండి, ఆకివీడు, వీరవాసరం వైపు నుంచి రైతులు లీటరు బాటిళ్లలో చెరువు నీళ్లు పట్టుకొస్తారు. ల్యాబ్‌లో పీహెచ్, సాలినిటీ, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా చూస్తారు. కొందరు రొయ్యకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా కూడా చూడమంటారు. పరీక్షలు అయ్యాక రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిస్తారు. ఈలోపు ఫోన్లు వస్తూనే ఉంటాయి.

"ఏమ్మా, మా నీళ్లు అయ్యాయా?"

"ఇంకో అరగంట పడుతుందండి."

ఈ రెండు మాటల మధ్యలో రెజ్యూమెకు పనికొచ్చే అంకె ఒకటి దాగి ఉంది. దాన్ని బయటికి తీయడమే అసలు పని.

ముందు క్రియ సంగతి. ఇంగ్లీషు బుల్లెట్‌లో వాక్యం క్రియతో మొదలవుతుంది, 'నేను' అనే మాట రాయరు. అందుకని చదివేవాడి కంటికి ముందు తగిలేది ఆ ఒక్క క్రియే. ఈ మాట విన్నాక చాలామంది నెట్‌లో దొరికే రెండు వందల క్రియల లిస్టు తెచ్చుకుని, అందులో గట్టిగా వినిపించేదాన్ని ఎంచుకుంటారు. 'లెడ్', 'మేనేజ్డ్', 'స్పియర్‌హెడెడ్' అని. రెండు నెలల ఇంటర్న్ ఒక ల్యాబ్‌ను 'లీడ్' చేసిందంటే ఎవరూ నమ్మరు. పైగా ఆ మాట పక్కనున్న నిజమైన పని మీద కూడా అనుమానం వస్తుంది.

క్రియను చేతిని బట్టి ఎంచుకోవాలి. ఆ పనిలో మీ చెయ్యి ఎంతవరకు వెళ్లిందో క్రియ అంతవరకే వెళ్లాలి. మన అమ్మాయి పనినే తీసుకుందాం. విబ్రియో పరీక్షకు టీసీబీఎస్ అగార్ ప్లేట్లు పోసింది సీనియర్ టెక్నీషియన్. నమూనా ప్లేట్ మీద పరిచింది కూడా ఆయనే. అమ్మాయి ప్లేట్లకు నంబర్లు వేసింది, మర్నాడు పసుపు కాలనీలు ఎన్ని, ఆకుపచ్చ కాలనీలు ఎన్ని అని లెక్కపెట్టింది. ఆ లెక్కను ఆయన ఒకసారి సరిచూశారు. దీనికి 'పెర్ఫార్మ్డ్ విబ్రియో టెస్టింగ్' అని రాస్తే అబద్ధం. 'అసిస్టెడ్' అని రాస్తే నిజమే, కానీ ఏం సాయం చేసిందో తెలియదు. ట్రే అందించడం కూడా సాయమే కదా. 'కౌంటెడ్' అని రాస్తే చేసిన పని ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది: సీనియర్ పర్యవేక్షణలో టీసీబీఎస్ ప్లేట్ల మీద పసుపు, ఆకుపచ్చ కాలనీలను లెక్కించింది. చిన్న క్రియే. అయినా ఇంటర్వ్యూలో "ఆకుపచ్చ కాలనీ అంటే ఏంటమ్మా?" అని అడిగితే, సుక్రోజ్‌ను పులియబెట్టలేని రకమని, పారాహీమోలిటికస్ లాంటివి ఆ రంగులో వస్తాయని తడబడకుండా చెప్పగలదు. చెప్పగలిగే క్రియ ఎప్పుడూ బలమైన క్రియే.

ఆల్కలినిటీ సంగతి వేరు. రెండో వారం నుంచి ఆ పరీక్షను ఆమె ఎవరి సాయమూ లేకుండా చేసింది. 50 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, మిథైల్ ఆరెంజ్ వేసి, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో టైట్రేట్ చేయడం. బ్యూరెట్ రీడింగ్‌ను 20తో గుణిస్తే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. ఇక్కడ 'టైట్రేటెడ్' అనో 'అనలైజ్డ్' అనో ధైర్యంగా రాయొచ్చు. ఒకే ల్యాబ్, ఒకే మనిషి, కానీ రెండు పనులకు రెండు స్థాయిల క్రియలు. రెజ్యూమె మొత్తం ఒకే ఎత్తులో అరిచినట్టు కాకుండా ఇలా హెచ్చుతగ్గులు ఉంటే, చదివేవాడికి ఈ మనిషి లెక్కగా రాస్తోందని అర్థమవుతుంది.

ఇక అంకెల దగ్గరికి వద్దాం. "మాది చిన్న ల్యాబండి, మాకు అంకెలేం ఉంటాయి" అనే మాట పిల్లల నోట తరచుగా వస్తుంది. నిజానికి చిన్న ల్యాబ్‌లోనే అంకెలు చేతికి అందేంత దగ్గరగా ఉంటాయి, ఎందుకంటే అన్నీ ఒకే రిజిస్టర్‌లో ఉంటాయి. రిజిస్టర్‌లో తేదీ, టోకెన్ నంబరు, బాటిల్ వచ్చిన టైము, పరీక్ష చేసినవాళ్ల పొడి సంతకం ఉంటాయి. మళ్లీ నీళ్లు తెప్పించాల్సి వస్తే ఆ గడిలో ఎర్ర పెన్నుతో రాస్తారు. రిపోర్టు వెళ్లిన టైము ఎక్కడా రాయరు. కానీ వాట్సాప్‌లో పంపిన ప్రతి ఫోటో కింద టైము ఉంటుంది. ఈ రెండూ కలిపితే ప్రతి బాటిల్‌కు ఎంతసేపు పట్టిందో తేలిపోతుంది. రెండు నెలలు ముగిసిన తర్వాత కూడా తేలుతుంది.

మన అమ్మాయి రిజిస్టర్ ముందేసుకుని మొదట మామూలు లెక్కలు తీసింది. మొత్తం 48 పనిరోజుల్లో ల్యాబ్‌కు వచ్చిన నమూనాలు 1,122. రెజ్యూమెలో పెట్టాల్సింది ఈ అంకె అనిపిస్తుంది, పెద్దది కాబట్టి. కానీ అది ల్యాబ్ అంకె, ఆమెది కాదు. పొడి సంతకాల గడి చూస్తే ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ రెండూ ఆమె చేతి మీదుగా వెళ్లినవి 540. రాయాల్సింది ఇదే. ప్లాంట్‌లో క్వాలిటీ ఇంచార్జికి 540 నమూనాలు టైట్రేట్ చేయడం అంటే ఏమిటో తెలుసు. ఎండ్ పాయింట్ దగ్గర చెయ్యి ఆగడం వచ్చేసిందని అర్థం. 1,122 అని రాస్తే "ఒక్కదానివే చేశావా?" అని అడుగుతారు, అక్కడితో మాట పడిపోతుంది.

అయితే ఎన్ని చేశామన్నది సగం సంగతే. ఎంత సరిగ్గా చేశామన్నది మిగతా సగం. ప్రతి పదో నమూనాను రెండుసార్లు చేసి చూసుకోమని ల్యాబ్ ఇంచార్జి చెప్పారు, ఆమె చేసింది. అంటే 54 జతలు. వాటిలో 50 జతల్లో రెండు రీడింగులకూ తేడా లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపే ఉంది. బ్యూరెట్ మీద చూస్తే అది అర మిల్లీలీటరు లోపు. ఈ లెక్క ఎవరూ అడగలేదు, లాగ్‌బుక్‌లో దీనికి చోటు కూడా లేదు. కానీ క్వాలిటీ ఉద్యోగానికి వెళ్లే మనిషి దగ్గర ఇంతకంటే పనికొచ్చే అంకె ఇంకొకటి ఉండదని నా అభిప్రాయం. మొదటి బుల్లెట్ ఇలా తయారైంది:

"ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ కోసం 540 చెరువు నీటి నమూనాలను స్వయంగా టైట్రేట్ చేసి, రెండుసార్లు పరీక్షించిన 54 నమూనాల్లో 50 చోట్ల తేడాను లీటరుకు 10 మి.గ్రా. లోపు ఉంచాను."

ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు 'టైట్రేటెడ్' ముందుకు వస్తుంది, మిగతాదంతా దాని వెనక వరుసగా వెళ్తుంది. తెలుగులో ముందు ఇలా ఒక మనిషికి చెప్పినట్టు రాసుకోవడం వల్ల ఒక లాభం ఉంది. వాక్యంలో పస లేకపోతే వెంటనే తెలిసిపోతుంది. "వివిధ కార్యకలాపాలలో పాల్గొన్నాను" అని ఇంట్లో ఎవరితోనూ అనం కదా.

ఇప్పుడు కష్టమైన భాగం. పని చేశాను అనేది ఒకటి, నా వల్ల మార్పు వచ్చింది అనేది ఇంకొకటి. మార్పు చూపించాలంటే ముందు ఎలా ఉండేదో, తర్వాత ఎలా ఉందో రెండూ కావాలి. చాలామంది 'తర్వాత' మాత్రమే రాసి వదిలేస్తారు.

ల్యాబ్‌లో బాటిళ్ల మీద చెరువు పేరు మార్కర్‌తో రాసేవాళ్లు. చెమ్మకు ఆ రాత చెదిరిపోయేది. పక్కపక్క చెరువుల నీళ్లు ఒకే రైతు తెస్తే ఏది ఏ చెరువుదో తెలియక మళ్లీ తెమ్మనాల్సి వచ్చేది. ఇరవై కిలోమీటర్లు బండి మీద వచ్చిన మనిషికి మళ్లీ తెమ్మని చెప్పడం ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. నాలుగో వారం మొదట్లో ఈ అమ్మాయి ఇంచార్జిని అడిగి, మూత మీద ఒకటి, బాటిల్ మీద ఒకటి, రిజిస్టర్‌లో ఒకటి ఒకే టోకెన్ నంబరు ఉండేలా అచ్చు వేసిన స్టిక్కర్లు పెట్టించింది. ఎర్ర పెన్ను గడులు లెక్కపెడితే, మొదటి మూడు వారాల్లో 432 నమూనాల్లో 13 మళ్లీ తెప్పించారు. తర్వాతి ఐదు వారాల్లో 690 నమూనాల్లో 4 మాత్రమే.

ఇక్కడ ఒక తప్పు చాలా సులభంగా జరుగుతుంది. 13 నుంచి 4 అంటే 69 శాతం తగ్గుదల అని రాసేస్తారు. కానీ ముందు మూడు వారాలు, తర్వాత ఐదు వారాలు. నమూనాల సంఖ్య వేరు. పోల్చాల్సింది రేటును. 432లో 13 అంటే నూటికి 3. 690లో 4 అంటే నూటికి 0.6. పాత రేటే కొనసాగి ఉంటే 690లో దాదాపు 21 సార్లు మళ్లీ తెప్పించాల్సి వచ్చేది. అంటే అసలు తగ్గుదల ఇంకా ఎక్కువే. 69 శాతం అని రాసి ఉంటే ఆ అమ్మాయి తన పనిని తానే తక్కువ చేసుకునేది. సరైన లెక్క వినయం కోసమూ కాదు, గొప్ప కోసమూ కాదు.

అయినా బుల్లెట్‌లో "80 శాతం తగ్గించాను" అని రాయమని నేను చెప్పను. 13, 4 అనేవి చిన్న అంకెలు. చిన్న అంకెల మీద శాతాలు ఊగిపోతాయి. ఇంకో రెండు బాటిళ్లు తేడా వస్తే శాతం ఎక్కడికో వెళ్లిపోతుంది. అసలు అంకెలే ఇస్తే చదివేవాడు తానే తూకం వేసుకుంటాడు:

"మూడుచోట్ల ఒకే టోకెన్ నంబరు ఉండే స్టిక్కర్ పద్ధతి ప్రవేశపెట్టి, పేరు తెలియక మళ్లీ తెప్పించే నమూనాలను 432లో 13 నుంచి 690లో 4కు తగ్గించాను."

దీనికి ఇంగ్లీషులో 'ఇంట్రొడ్యూస్డ్' ముందు వస్తుంది. 'రెడ్యూస్డ్' అంకెల పక్కన వస్తుంది. మొదటి క్రియ చేతిని చూపిస్తుంది, రెండోది ఫలితాన్ని చూపిస్తుంది. కొందరు ఫలితం క్రియనే ముందు పెట్టమంటారు, అదీ తప్పు కాదు. నా మటుకు నాకు ఇంటర్న్ విషయంలో చేసిన పని ముందుండటమే నచ్చుతుంది. ఎలా తగ్గిందో తెలియకుండా తగ్గించానని చెబితే నమ్మకం కుదరదు.

మూడోది టైము. దీన్ని కాస్త నెమ్మదిగా చూడాలి, ఎందుకంటే రెజ్యూమెల్లో పెద్ద అబద్ధాలన్నీ ఇక్కడే, తెలియకుండా దొర్లుతాయి.

మొదట్లో ఒక బాటిల్ తీసుకుంటే దాని పరీక్షలన్నీ పూర్తిచేసి, తర్వాతి బాటిల్ ముట్టుకునేవాళ్లు. నాలుగో వారంలో ఆమె వరుస మార్చింది. వచ్చిన బాటిళ్లన్నిటికీ ముందు పీహెచ్, ఎందుకంటే నీళ్లు ఊరికే నిలవ ఉంటే పీహెచ్ మారిపోతుంది. తర్వాత అన్నిటికీ సాలినిటీ, ఆ తర్వాత అన్నిటికీ ఆల్కలినిటీ, చివర హార్డ్‌నెస్. బ్యూరెట్‌లో యాసిడ్ తీసి హార్డ్‌నెస్‌కు వాడే ఈడీటీఏ నింపడం, మళ్లీ కడగడం అనే తిప్పట తగ్గింది. రిపోర్టులు త్వరగా వెళ్తున్నట్టు అందరికీ అనిపించింది. ఎంత త్వరగా అన్నది లెక్క తీయాలి.

ఎక్సెల్‌లో D కాలమ్‌లో బాటిల్ వచ్చిన టైము, E కాలమ్‌లో వాట్సాప్‌లో రిపోర్టు వెళ్లిన టైము, రెండూ తేదీతో సహా పెట్టుకుంది. F కాలమ్‌లో తేడా నిమిషాల్లో వచ్చేలా మొదటి సూత్రం రాసి కిందికి లాగింది. మొదటి మూడు వారాల 432 వరుసలకు రెండో సూత్రం వేసింది:

```
=(E2-D2)*1440
=MEDIAN(F2:F433)
```

సగటు కాకుండా మీడియన్ ఎందుకంటే, సాయంత్రం ఆలస్యంగా వచ్చిన బాటిళ్ల రిపోర్టు మర్నాడు పొద్దున వెళ్తుంది. అలాంటివి కొన్ని ఉన్నా సగటును పైకి లాగేస్తాయి. మీడియన్ అంటే అన్నిటినీ వరుసలో పెడితే మధ్యలో ఉండేది. అది మామూలు రోజు ఎలా ఉందో చెబుతుంది.

మొదటి మూడు వారాల మీడియన్ 185 నిమిషాలు. చివరి వారం మీడియన్ 115 నిమిషాలు. డెబ్బై నిమిషాలు తగ్గింది! ఎవరైనా ఇక్కడే ఆగిపోయి రాసేసుకుంటారు.

కానీ చివరి వారంలో రోజుకు 11 బాటిళ్లే వచ్చాయి. చాలామంది అప్పటికే పట్టుబడి చేసేశారు, చెరువుల్లో రొయ్య లేకపోతే నీళ్లు చూపించే పని ఉండదు. పని సగానికి తగ్గితే టైము దానంతట అదే తగ్గుతుంది. అందులో ఆమె గొప్ప ఏమీ లేదు. కాబట్టి ఆ వారం పక్కన పెట్టాలి. మొదటి మూడు వారాల్లో రోజుకు 24 వచ్చేవి. నాలుగో వారం నుంచి ఏడో వారం దాకా రోజుకు 26. ఈ నాలుగు వారాలు మాత్రమే పోల్చడానికి పనికొస్తాయి. వాటి మీడియన్ 130 నిమిషాలు.

ఇక్కడితో అయిపోలేదు. ఐదో వారంలో ల్యాబ్‌వాళ్లు రెండో బ్యూరెట్ స్టాండ్ కొన్నారు. ఆ నిర్ణయం ఆమెది కాదు. వరుస మార్చింది, బ్యూరెట్ ఒక్కటే ఉంది అనే పరిస్థితి నాలుగో వారంలో మాత్రమే ఉంది. ఆ ఒక్క వారం మీడియన్ చూస్తే 150 నిమిషాలు. అంటే 185 నుంచి 150కి వచ్చింది వరుస మార్చడం వల్ల. 150 నుంచి 130కి రావడంలో కొత్త బ్యూరెట్ పాత్ర ఉంది.

రెజ్యూమెలో రాయాల్సింది 185 నుంచి 150. ముప్పై అయిదు నిమిషాలు. మొదట కంటికి కనిపించిన డెబ్బైలో ఇది సరిగ్గా సగం. ఈ సగం వదులుకోవడానికి పిల్లలకు మనసొప్పదు, నాకు తెలుసు. కానీ ఇంటర్వ్యూలో "అదే సమయంలో ఇంకేమైనా మారిందా?" అనే ప్రశ్న అనుభవమున్న ప్రతి ఇంచార్జీ అడుగుతాడు. డెబ్బై అని రాసినవాళ్లు ఆ ప్రశ్న దగ్గర నీళ్లు నములుతారు. ముప్పై అయిదు అని రాసిన అమ్మాయి, మిగతాది ఎందుకు కలపలేదో రెండు వాక్యాల్లో చెబుతుంది. ఆ రెండు వాక్యాలు ఉద్యోగం తెచ్చిపెట్టడానికి బుల్లెట్ కంటే ఎక్కువ పనికొస్తాయి. ఒక వారం డేటా తక్కువే, ఆ సంగతి కూడా అడిగితే దాచకుండా చెప్పాలి.

"పరీక్షలను బాటిల్ వారీగా కాకుండా పరీక్ష వారీగా జరిగేలా వరుస మార్చి, రోజుకు సుమారు 25 నమూనాలు వచ్చే రోజుల్లో రిపోర్టు వెళ్లే సమయాన్ని (మీడియన్) 185 నిమిషాల నుంచి 150 నిమిషాలకు తగ్గించాను."

దీనికి 'రీఆర్గనైజ్డ్' లేదా 'రీసీక్వెన్స్డ్' సరిపోతుంది. 'ఆప్టిమైజ్డ్' అనే మాట ఎందుకో అందరికీ ముద్దు. కానీ ఏం మార్చారో అది చెప్పదు. వరుస మార్చాను అంటే బొమ్మ కళ్ల ముందు కనిపిస్తుంది.

మూడు బుల్లెట్లు వచ్చాయి. రిజిస్టర్ నిర్వహించడం, ఫోన్లు ఎత్తడం, గ్లాసు సామాను కడగడం, విబ్రియో కాలనీల లెక్క మిగిలాయి. కాలనీల లెక్కకు నాలుగో బుల్లెట్ ఇవ్వొచ్చు, ముఖ్యంగా మైక్రోబయాలజీ విభాగానికి వెళ్తుంటే దాన్ని పైకి తేవాలి. రిజిస్టర్, ఫోన్లు వదిలేయాలి. అవి చిన్న పనులని కాదు. పైన ఉన్న మూడు వాక్యాలూ ఆ రిజిస్టర్ సరిగ్గా రాయబట్టే వచ్చాయి, అది చదివేవాడికి తెలుస్తుంది. ఒక్కో బుల్లెట్ రెండు లైన్లు దాటితే కోసేయాలి. దాటుతోందంటే రెండు సంగతులు ఒకదాంట్లో కుక్కారని అర్థం.

అందరికీ 'ముందు, తర్వాత' దొరకదు. అమలాపురంలో ఒక ఆడిటర్ ఆఫీసులో బీకాం కుర్రాడు రెండు నెలలూ కొనుగోలు బిల్లులను, సప్లయర్లు వేసిన జీఎస్టీ రిటర్న్‌ల నుంచి తయారయ్యే GSTR-2B స్టేట్‌మెంట్‌తో సరిపోల్చాడనుకోండి. అతను ఏ పద్ధతీ మార్చలేదు, మార్చే అవకాశం కూడా ఇవ్వరు. అప్పుడు మార్పు కోసం వెతుక్కుని లేనిది పుట్టించకూడదు. ఎంతమంది క్లయింట్ల బిల్లులు, ఎన్ని బిల్లులు, వాటిలో ఎన్ని తేడాలు పట్టుకున్నాడు, అవి ఏ రకం తేడాలు అన్నది చాలు. సప్లయర్ రిటర్న్ వేయలేదా, జీఎస్టీ నంబరు తప్పు పడిందా, పన్ను మొత్తం తేడానా? తేడాలను రకాలుగా విడదీసి రాసినవాడికి ఇన్‌పుట్ క్రెడిట్ అంటే ఏమిటో తెలుసని వేరే చెప్పక్కర్లేదు. తాను కనిపెట్టిన తేడాలన్నీ కలిపి ఇన్ని లక్షలు అని రాయాలనిపిస్తుంది. ఆ డబ్బు క్లయింట్‌కు దక్కిందో లేదో అతనికి తెలియదు కాబట్టి 'ఆదా చేశాను' అనకూడదు. 'గుర్తించాను' అనాలి. ఇంగ్లీషులో 'ఐడెంటిఫైడ్'కీ 'సేవ్డ్'కీ తేడా ఒక్క మాటే, కానీ అది చాలా పెద్ద దూరం.

ఇంకో సంగతి మర్చిపోకూడదు. రిజిస్టర్‌లోని అంకెలు మీవి కావు, ల్యాబ్‌వి. రైతు పేరు, ఊరు, చెరువు, ఏ చెరువులో జబ్బు వచ్చింది అన్నవి రెజ్యూమెలో ఎక్కడా కనిపించకూడదు. ఇంటర్వ్యూలో నోరు జారినా తప్పే. డెల్టాలో ఫలానా చెరువులో విబ్రియో ఎక్కువగా ఉందన్న మాట బయటికి పొక్కితే, ఆ రైతుకు రొయ్య ధర దగ్గర బేరం తగ్గిపోవచ్చు. ఆడిటర్ ఆఫీసు కుర్రాడికీ ఇదే వర్తిస్తుంది. క్లయింట్ పేరు ఉండకూడదు, సంఖ్య ఉండొచ్చు. ఇంటర్న్‌షిప్ అయిపోయే వారంలో మూడు బుల్లెట్లూ ఒక కాగితం మీద రాసి ఇంచార్జికి చూపించి, "సార్, ఇవి ఇలా రాసుకోవచ్చా?" అని అడగడం మంచిది. ఏ అంకె బయట పెట్టకూడదో ఆయనే చెబుతారు. ఎక్కడ ఎక్కువ రాశారో, ఎక్కడ తక్కువ రాశారో కూడా చెబుతారు. రేపు కంపెనీవాళ్లు ఫోన్ చేసి అడిగితే ఆయన నోట వచ్చే మాట, మీ కాగితం మీది మాట ఒకటే అవుతాయి.

ఇప్పటికే ఇంటర్న్‌షిప్ అయిపోయి, రిజిస్టర్ చేతిలో లేనివాళ్లు ఊహించి రాయకూడదు. వాట్సాప్ గ్రూపులో ఫోటోలు ఉంటాయి, లాగ్‌బుక్ ఉంటుంది. వాటిలో ఒక మామూలు వారం తీసుకుని లెక్కపెట్టి, రోజుకు సుమారు ఇన్ని అని రాయొచ్చు. 'సుమారు' అనే మాట రాయడానికి మొహమాటపడక్కర్లేదు. ఆ సుమారు ఎలా వచ్చిందని అడిగితే, ఏ వారం లెక్కపెట్టారో చెప్పగలిగితే చాలు.